మూడూ కలిపి చూడండి

కోణమానిని ఇచ్చి ఒక్క కోణం కొలవమంటే పిల్లాడు ఏదో అంకె చెబుతాడు. అది తప్పని తెలిసినా, తప్పు ఎక్కడ జరిగిందో తెలియదు. అందుకే సాయంత్రాలు నా దగ్గర లెక్కలు నేర్చుకునే పిల్లలకు త్రిభుజం ఇచ్చి, మూడు కోణాలూ కొలిచి కలపమంటాను. వచ్చిన మొత్తాన్ని బట్టి తప్పేమిటో చెప్పేయొచ్చు.

50, 60, 70 డిగ్రీల త్రిభుజమే తీసుకుందాం. మొత్తం 260 వచ్చిందంటే 50ని 130గా చదివారన్నమాట. ప్రతి పెద్ద గీతకూ రెండు అంకెలుంటాయి, ఆ రెండూ కలిపితే 180. ‘భుజం కుడివైపుంటే లోపలి వరస, ఎడమవైపుంటే బయటి వరస’ అని బట్టీ పట్టించడం నాకు నచ్చదు. అడుగు భుజం మీద ఏ వరస సున్నా ఉందో చూసి, అక్కణ్ణుంచి పది, ఇరవై అంటూ వేలు పెట్టి లెక్కపెట్టుకుపోతే చాలు. 128ని 132 అనే తప్పు కూడా దీంతో పోతుంది. గీత 130కి రెండు డిగ్రీలు ముందుందా, దాటిందా అన్నది వరస ఎటు పెరుగుతోందో చూస్తేనే తెలుస్తుంది.

మొత్తం 171 వస్తే వ్యవహారం వేరు. చాలా కోణమానినుల్లో సున్నా గీత కింద ఇంకో నాలుగైదు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ఉంటుంది. భుజం మీద పెట్టాల్సింది సున్నా గీతను. పిల్లలు పెట్టేది ఆ ప్లాస్టిక్ అంచును. అప్పుడు కేంద్రబిందువు శీర్షం మీద కాక దానికి పైన కూర్చుంటుంది. ఆ ఎత్తు 5 మిల్లీమీటర్లు, అంకెల వరస కేంద్రానికి 45 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకుంటే 50 కాస్తా 46 అవుతుంది, 60 సుమారు 57, 70 సుమారు 68. లంబకోణం మాత్రం సరిగ్గా 90 చూపిస్తుంది. కాబట్టి పుస్తకం మూల మీద పరీక్షించి ‘బాగానే ఉంది’ అనుకుంటే మోసపోతాం.

గీసేటప్పుడు ఇదే తప్పు ఎదురు తిరుగుతుంది. అంచు ఆనించి 50 దగ్గర చుక్క పెట్టి శీర్షానికి కలిపితే వచ్చేది దాదాపు 54. తమాషా ఏమిటంటే, దాన్ని మళ్లీ అలాగే అంచు ఆనించి కొలిస్తే ఖచ్చితంగా 50 చూపిస్తుంది! గీసినవాడే సరిచూసుకుంటే ఈ తప్పు దొరకదు, మూడు కోణాలూ కలిపితేనే దొరుకుతుంది.

179, 181 వస్తే నేను పట్టించుకోను. అర మిల్లీమీటరు మందం పెన్సిల్ గీతే 45 మిల్లీమీటర్ల దూరంలో అర డిగ్రీకి పైగా మింగేస్తుంది. ప్రతిసారీ సరిగ్గా 180 రాసుకొచ్చే కుర్రాణ్ణి మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని, మూడో కోణం నా ముందే కొలవమంటాను.