నాలుగు సెకన్ల ఫైలు

టెక్కలి మిత్రుడొకడు ఈమధ్య తన కొత్త కథ మాకు చదివి వినిపించాడు. ఇంకా అచ్చు కాలేదు, పేరు కూడా ఖాయం కాలేదు. అచ్చుకాని కథ గురించి రాయడం మర్యాదేనా అంటే, రాయమన్నది అతనే. తన పేరు మాత్రం వద్దన్నాడు.

వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఊరు. కొడుకు అబుదాబిలో రిగ్గరు. ఇంట్లో అమ్మ, అయ్య, కోడలు. ముగ్గురికీ కలిపి ఒకటే ఫోను. యూఏఈలో వాట్సాప్ కాల్స్ పనిచెయ్యవు కాబట్టి అతను వాయిస్ నోట్లు పంపుతుంటాడు. కథంతా ఈ చిన్న విషయం మీదే నిలబడింది. కాల్ పెట్టేస్తే మాట అక్కడితో అయిపోతుంది. వాయిస్ నోటు ఇంట్లో మిగిలిపోతుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడితోటలు నేలకూలాయి. కరెంటూ ఫోన్లూ పోయాయి. కథలో కొడుకు ఆ రోజుల్లో పదకొండు నోట్లు పంపుతాడు, అన్నిటికీ ఒకటే టిక్కు. అందని మెసేజీని వాట్సాప్ ముప్ఫై రోజుల దాకా తన సర్వర్లో పెట్టుకుంటుంది. అందుకే టవర్ లేచిన సాయంత్రం పదకొండూ వరసగా వచ్చి పడతాయి.

ఈ రెండు పేజీలూ కథలోకెల్లా గొప్పవి. తల్లి మొదటినుంచీ వింటుంది. మొదటి దాంట్లో "కరెంటు ఉందేటే అమ్మా?" అని మామూలుగా అడుగుతాడు. నాలుగో దానికి గొంతు మారుతుంది. ఏడో దాంట్లో మాటే లేదు, క్రేను చప్పుడూ ఊపిరీ మాత్రమే. పదో దాంట్లో ఇంట్లోవాళ్ళందర్నీ తిడతాడు. తల్లి ప్రతిదానికీ జవాబు చెబుతుంది, మైకు నొక్కకుండా. తాము బతికే ఉన్నామని అప్పటికే పక్కూరివాళ్ళ ద్వారా అతనికి తెలిసిపోయిందని ఆమెకి తెలుసు. అయినా వారం కిందటి కొడుకుని వరసపెట్టి ఓదారుస్తుంది. రచయిత ఇక్కడ ఒక్క వ్యాఖ్యానమూ చెయ్యలేదు, బతికించాడు.

ఇంకో మంచి గమనింపు కోడలిది. వాయిస్ నోటు మామూలుగా స్పీకర్లో మోగుతుంది. ఫోను చెవికి ఆనిస్తే చెవి దగ్గరి చిన్న స్పీకర్లోకి మారుతుంది. ఉత్తరమైతే మడతపెట్టి దాచుకోవచ్చు. ఇక్కడ భర్త మాట అత్తగారి చేతిలో, వీధరుగు మీద మోగుతుంది. అందుకే అతను భార్యతో చెప్పాల్సింది అమ్మకి చెబుతున్నట్టు చెబుతాడు. ఆమె రాత్రి అదే నోటుని చెవికి ఆనించుకుని మళ్ళీ వింటుంది. అవే మాటలు, ఈసారి ఆమెకి మాత్రమే.

నా పేచీ భాషతో మొదలవుతుంది. సగం నోట్లు రాసి చదివినట్టున్నాయి. "నువ్వు బెంగ పెట్టుకోకు, నేను క్షేమంగా ఉన్నాను" అని రిగ్గరు మైకు నొక్కిపట్టి అనడు. "ఏటీ అవలేదే, బాగున్నాను" అంటాడు, అందులోనూ మధ్యలో పక్కవాడెవడో పిలుస్తాడు. అచ్చులో గొంతు ఎలాగూ ఉండదు. ఆ తడబాటూ వెనక చప్పుడూ కూడా తీసేస్తే ఉత్తరమే మిగులుతుంది.

అసలు పేచీ ముగింపుతో. తండ్రి రోజూ వినేది పెద్ద నోట్లు కాదు. కొడుకు పంపిన మొట్టమొదటిది, నాలుగు సెకన్లది: "హలో... ఏటిది, పడిందా?" మిగతా అన్నిట్లో అప్పులు, వడ్డీలు, పంపిన డబ్బు లెక్కలు ఉంటాయి. ఆ నాలుగు సెకన్లలో ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు. తాను అది వింటున్నట్టు తండ్రి ఎవరికీ చెప్పడు. ఇంత కట్టి, చివర్లో ఫోన్ని నూతిలో పడేసి, గొంతులన్నీ పోయాయంటాడు రచయిత.

నా ఉద్యోగం వల్లేమో, నాకిది మింగుడుపడలేదు. పంపినవాడి ఫోన్లో కూడా కాపీ ఉంటుంది, PTT-20181011-WA0003.opus లాంటి పేరుతో. నిమిషం మాటకి వంద, నూటయాభై కేబీ చాలు. పదకొండు నోట్లూ కలిపినా ఒక పెళ్ళి వీడియోలో మూలకి రావు. కాబట్టి చోటు చాలక పోవు, నూతిలో పడీ పూర్తిగా పోవు. మామూలుగా పోయేది వేరేలా. కాశీబుగ్గలో కొత్త ఫోను కొంటారు. షాపు కుర్రాడు పాత సిమ్మే వేసి వాట్సాప్ ఎక్కిస్తాడు. నంబరు వస్తుంది, గ్రూపులు వస్తాయి, కొడుకు ఫొటో కూడా వస్తుంది. బ్యాకప్ పెట్టలేదు, పెట్టడానికి కావాల్సిన జీమెయిల్ పాస్‌వర్డు ఎవరికీ తెలీదు. ఫొటో పక్కన నొక్కితే లోపల ఖాళీ.

అబుదాబిలో కొడుకు ఫోను మార్చకుండా ఉంటే ఆ నాలుగు సెకన్లు ఇంకా అతని దగ్గరున్నాయి. కానీ మళ్ళీ పంపమని తండ్రి నోరు తెరిచి అడగాలి. ఏది కావాలో చెప్పాలి, ఎందుకో కూడా కొడుకు అడుగుతాడు. రచయిత ఫోన్ని నూతిలోకి విసిరింది సరిగ్గా ఈ సీను రాయాల్సిన చోట. అచ్చుకి ఇచ్చేలోపు దాన్ని బయటికి తీస్తాడనుకుంటున్నాను.