లెక్క కట్టకుండానే తేల్చే నేర్పు

e^(-x²) సమాకలనిని మనకు తెలిసిన ప్రాథమిక ప్రమేయాలతో రాయలేం. అయినా 0 నుంచి అనంతం దాకా అది అభిసరిస్తుందో లేదో రెండు వాక్యాల్లో తేల్చేయవచ్చు. పోలిక పరీక్షలో నన్ను కట్టిపడేసేది ఈ తెగువే.

x విలువ 1 దాటాక x² ≥ x, కాబట్టి e^(-x²) ≤ e^(-x). ఈ e^(-x) ని 1 నుంచి అనంతం దాకా సమాకలనం చేస్తే 1/e వస్తుంది, అంటే దాదాపు 0.37. మన ప్రమేయం ఎప్పుడూ ధనాత్మకమే కనుక, ముందుకు పోయేకొద్దీ దాని కింది వైశాల్యం పెరుగుతూనే ఉంటుంది. కానీ 0.37 దాటలేదు. అలాంటప్పుడు ఎక్కడో ఒక విలువను సమీపించక తప్పదు. 0, 1 మధ్య అసమానత తిరగబడుతుంది, నిజమే. అక్కడ మాత్రం పోలికతో పనే లేదు: అవిచ్ఛిన్న ప్రమేయం, పరిమితమైన అంతరం.

అసలు నేర్పంతా జోడీని ఎంచుకోవడంలో ఉంది. e^(-x²) ≤ 1/x అన్నదీ సత్యమే, కానీ 1/x సమాకలని అపసరిస్తుంది. అనంతం కన్నా తక్కువ అని తెలిస్తే ఏమీ తెలియనట్టే. 1/x² ఎంచుకుంటే పని జరుగుతుంది, హద్దు మాత్రం 1 దాకా వదులవుతుంది. 1 నుంచి మొదలయ్యే ఆ భాగం నిజ విలువ దాదాపు 0.14; దాన్ని చెప్పడం ఈ పరీక్ష పని కాదు.