ముందుమాట: మడవ దగ్గర ఆగిన నీళ్లు

ఈ పుస్తకం రాసిన అమ్మాయి ఇరవై రెండేళ్ల వయసులో స్టాఫ్ నర్సుగా నా దగ్గర చేరింది. నేనప్పుడు ఆ ఆసుపత్రికి సూపరింటెండెంటుని. వార్డులో ఎవరైనా గొడవపడితే అందరూ గొడవలోకి దిగేవారు. ఈమె మాత్రం కేస్ షీటు వెనకవైపు ఏవో గీతలు గీసుకునేది. ఒకసారి పిలిచి కాస్త గట్టిగానే అడిగాను, ఏమిటమ్మా అది అని. "ఈ కాగితం ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్లిందో చూస్తున్నాను సార్" అంది. నాకప్పుడు అర్థం కాలేదు. రోగిని ఆసుపత్రిలో చేర్చుకునే పనిని స్విమ్‌లేన్ పటాలుగా గీసి చూపించే ఈ పుస్తకం చేతికొచ్చాక అర్థమైంది.

స్విమ్‌లేన్ అంటే ఈతకొలనులో తాళ్లు కట్టి విడదీసిన దారి. పటంలోనూ అంతే, ఒక్కొక్కరికి ఒక్కో అడ్డపట్టీ. క్యాజువాలిటీకి ఒకటి, అడ్మిషన్ కౌంటరుకు ఒకటి, వార్డుకు ఒకటి. ఎవరు చేసే పని వారి పట్టీలో చిన్న పెట్టెగా పడుతుంది, పెట్టెల మధ్య బాణాలు. కాలం ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. మన పల్లె పాఠకులకు ఈతకొలను కంటే వరిమడి దగ్గర. పట్టీల మధ్య గీతలు గట్లు. మడిలో నీరు హాయిగానే పారుతుంది. పక్క మడికి పోవాలంటే మాత్రం ఎవరో ఒకరు గట్టు మీద నిలబడి మడవ తిప్పాలి. ఆసుపత్రిలో రోగి ఆగిపోయేది ఆ మడవల దగ్గరే. పుస్తకం మొత్తం ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

ఈ పద్ధతిని వ్యాపార ప్రపంచంలో బాగా వ్యాప్తిలోకి తెచ్చినవారు గియరీ రమ్లర్, అలన్ బ్రాష్ అనే ఇద్దరు అమెరికన్లు. 1990లో వచ్చిన వారి పుస్తకం పేరులోనే ఒక చమత్కారం ఉంది. సంస్థ నిర్మాణ పటంలో పెట్టెల మధ్య తెల్లగా మిగిలిన జాగాని ఎలా నడపాలి అన్నది ఆ పేరులోని భావం. ఆ తెల్ల జాగాకు అధికారి ఎవరూ ఉండరు. నా గది గోడకు కూడా అలాంటి నిర్మాణ పటం ఒకటి వేలాడేది. పై పెట్టెలో నా పేరు ఉందా లేదా అన్నది తప్ప దాంట్లో నేనేమీ చూడలేదు.

పుస్తకంలో నాలుగో అధ్యాయం మీరు తప్పక నెమ్మదిగా చదవాలి. బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగిన డెబ్భై రెండేళ్ల పెద్దావిడ కథ అది. ఊరూ పేరూ లేవు. కాలం మాత్రం నిమిషాలతో సహా ఉంది.

ఉదయం 10:20కి ఆవిడ క్యాజువాలిటీకి వచ్చింది. డ్యూటీ డాక్టర్ వెంటనే చూశాడు, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు, ఎక్స్‌రే తీశారు, ఎముకల డాక్టర్ వచ్చి చూశారు. 11:30కి చేర్చుకోమని చీటీ రాసి కొడుకు చేతికిచ్చారు. అంతవరకు ఎవరినీ వేలెత్తి చూపడానికి లేదు. పటం రుచి అక్కడి నుంచి మొదలవుతుంది. కొడుకు చీటీ పట్టుకుని 11:40కి కౌంటరు చేరాడు. పది నిమిషాల్లో పేరు ఎక్కించారు. బీమా ఉందనగానే బీమా డెస్కుకు పంపారు. అక్కడ క్యాష్‌లెస్ దరఖాస్తులో కొంత భాగం వైద్యం చేసే డాక్టరే నింపాలన్నారు. ఆ డాక్టరు ఈలోగా ఆపరేషన్ థియేటరుకు వెళ్లిపోయారు. ఆయన బయటికొచ్చి ఫారం నింపేసరికి 1:10. బీమా డెస్కు 1:15కి దాన్ని పంపింది. 2:05కి అనుమతి వచ్చింది. ఆ కాగితం తెచ్చి చూపించాక 2:15కి కౌంటరు వార్డుకు ఫోను చేసింది. మంచం ఖాళీయే, పన్నెండింటికే పాత రోగి వెళ్లిపోయాడు, కానీ దుప్పట్లు మార్చలేదు, తుడవలేదు అంది వార్డు. హౌస్‌కీపింగుకు అప్పుడు చెప్పారు. 2:50కి మంచం సిద్ధమైంది. వార్డు బాయ్ 3:05కి స్ట్రెచర్ కదిపాడు. 3:15కి పెద్దావిడ మంచం మీద పడుకుంది.

చీటీ రాసినప్పటి నుంచి మంచం వరకు మూడు గంటల నలభై ఐదు నిమిషాలు. ఇదంతా పటంలో గీసినప్పుడు ఒక వింత కనిపించింది. పటంలో అన్నిటికంటే పైన బంధువుల పట్టీ ఉంది. బాణం ఐదుసార్లు ఆ పట్టీలోకి ఎక్కి దిగింది. క్యాజువాలిటీ చీటీ కౌంటరుకు మోసింది కొడుకే. కౌంటరు మాట బీమా డెస్కుకు మోసింది, ఫారం డాక్టరుకు మోసింది, నింపిన ఫారం వెనక్కి తెచ్చింది, అనుమతి కాగితం కౌంటరుకు చేర్చింది అతనే. ఆసుపత్రికి జీతం లేని అటెండరు దొరికాడు. వయసులో ఉన్న కొడుకు లేని ముసలి దంపతులు వస్తే ఏమవుతుందని రచయిత్రి ఒక్క వాక్యంలో అడిగి వదిలేసింది. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను.

రెండో వింత, పటంలో లేని బాణం. పన్నెండింటికి వార్డు పట్టీలో "రోగి వెళ్లిపోయాడు" అనే పెట్టె ఉంది. హౌస్‌కీపింగు పట్టీలో "మంచం శుభ్రం" అనే పెట్టె ఉంది. రెంటి మధ్య బాణం లేదు. కబురు చెప్పడం ఎవరి పనీ కాదు. అందుకే మంచం రెండు గంటలకు పైగా ఖాళీగానే ఉండి, ఉన్నట్టు వార్డు బయట ఎవరికీ తెలియకుండా పోయింది. మాటలతో రాసిన విధానంలో ఈ లోటు కనబడదు. "మంచం సిద్ధం చేయబడును" అని రాస్తే సరిపోతుంది, చేసేదెవరో చెప్పక్కర్లేదు. మన ఆఫీసు తెలుగుకు ఆ సౌకర్యం బాగా ఉంది. పటంలో మాత్రం ప్రతి పెట్టెనూ ఏదో ఒక పట్టీలో పెట్టి తీరాలి. గీత మీద కూర్చోబెడతానంటే కుదరదు.

తర్వాత పటం తిరగగీశారు. బీమా ఫారంలో డాక్టరు నింపాల్సిన భాగాన్ని చేర్చుకునే చీటీతోపాటే క్యాజువాలిటీలో ఉంచారు, రెంటికీ ఒకేసారి సంతకం. పాత రోగి గది దాటగానే వార్డు సిస్టరే హౌస్‌కీపింగుకు కబురు చేయాలన్నారు. బీమా అనుమతి కోసం మంచాన్ని ఆపకూడదని, ఆ రెండూ పక్కపక్కన నడవాలని తేల్చారు. ఇదే పెద్దావిడ ఇదే రోజు వస్తే ఒంటిగంటకల్లా మంచం ఎక్కేదని లెక్క తేలింది. ఎవరి చేతి వేగమూ పెంచలేదు. కౌంటరుకు అవే పది నిమిషాలు, శుభ్రానికి అదే అరగంట.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఇలాంటి ఫిర్యాదులే నా కాలంలో వచ్చినప్పుడు నేను రెండో అడ్మిషన్ కౌంటరు పెట్టించాను. రిబ్బను కత్తిరించాం, స్వీట్లు పంచాం. జనం నిలబడేది కౌంటరు ముందు కాబట్టి జబ్బు అక్కడే అనుకున్నాను. కౌంటరు పని పది నిమిషాలేనని, వాళ్లు వేరే పట్టీలోంచి రావాల్సిన కాగితం కోసం అక్కడ నిలబడ్డారని నాకు తట్టలేదు. రెండు వరసలయ్యాయి, అంతే.

పటం గీయడంలో తానెక్కడ పొరబడిందో రచయిత్రి దాచలేదు. మొదటి పటాన్ని విభాగాధిపతులను అడిగి కంప్యూటరు మీద గీసిందట. చక్కగా వచ్చింది. అందులో అన్నీ నియమాల ప్రకారమే ఉన్నాయి. రెండోసారి గోధుమరంగు కాగితం గోడకంటించి, అంటుకునే చీటీల మీద పనులు రాసి, పనిచేసేవాళ్లనే పిలిచింది. ఒక వార్డు బాయ్ వచ్చి, స్ట్రెచర్ కోసం తాను మూడో అంతస్తుకు వెళ్తానని, లిఫ్ట్ మధ్యాహ్నం భోజనాల బండ్లకు పోతుందని చెప్పి రెండు చీటీలు అదనంగా అంటించాడు. ఆ రెండు పెట్టెలూ ఏ అధికారికీ తెలియవు. ఉన్నది ఉన్నట్టు గీసిన పటం, ఉండాల్సినట్టు గీసిన పటం రెండూ వేరువేరుగా ఉండాలని, మొదటిది పూర్తికాకుండా రెండోది ముట్టుకోవద్దని ఈమె పట్టుబట్టడానికి కారణం అదే.

పట్టీలకు మనుషుల పేర్లు కాక హోదాలు రాయమన్నదీ సబబే. అయితే రాత్రి పూట చాలా ఆసుపత్రుల్లో ఒకే గుమాస్తా కౌంటరూ బీమా డెస్కూ బిల్లింగూ చూస్తాడు. పగటి పటం రాత్రికి అబద్ధం. రాత్రికి వేరే పటం గీయాలని ఆరో అధ్యాయంలో ఉంది. ఆ మాట ముందే రావాల్సింది. ఆరోగ్యశ్రీ రోగుల విషయంలోనూ అంతే. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆ పథకంలో ఆరోగ్యమిత్రకు ఒక పట్టీ ఇవ్వాలి. ఆసుపత్రి పట్టీలన్నీ కలిపి ఒక కొలను అనుకుంటే, అనుమతి ఇచ్చే ట్రస్టు మాత్రం ఆ కొలనులోది కాదు. దాన్ని వేరే కొలనుగా గీసి, మధ్య బాణాలను చుక్కల గీతలుగా వేయాలి. బీమా కంపెనీ కూడా అలాంటిదే. క్యాష్‌లెస్ అభ్యర్థన మీద గంటలోపు నిర్ణయం చెప్పాలని బీమా నియంత్రణ సంస్థ 2024లో ఆదేశించింది. ఆ గంట వాళ్ల కొలనులోది. మనం దిద్దగలిగింది మన వైపు పట్టీలనే.

అత్యవసర రోగి పటంలో చూడాల్సిన బాణం ఒక్కటే. వైద్యం అనే పెట్టెకు వెళ్లే దారి కౌంటరు పట్టీలోంచి పోకూడదు. గాయపడినవాడి ప్రాణం కాపాడటం ముందు, కాగితాలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో స్పష్టం చేసింది. మీ పటంలో ఆ బాణం కౌంటరు మీదుగా వెళ్తుంటే గీసిన చేతిని తప్పుపట్టకండి, ఆసుపత్రిని సరిచేయండి.

ఈ పటానికి చేతకానివీ ఉన్నాయి. ఒక రోగి ప్రయాణం చూపిస్తుంది కానీ సోమవారం ఉదయం నలభై మంది ఒకేసారి వస్తే ఎంత వరస అవుతుందో చూపించదు. కాలం కూడా దానంతట అది కనబడదు, ప్రతి పెట్టె కింద గడియారం చూసి రాయాలి. పట్టీలు ఎనిమిది దాటితే బాణాలు చిక్కుపడి ముగ్గులా తయారవుతుంది. రెండో అధ్యాయంలోని గుర్తుల పట్టిక నాకు ఎక్కువనిపించింది. మొదలుకూ చివరకూ గుండ్రం, పనికి పెట్టె, అవునా కాదా అనడానికి డైమండు, ఆపైన బాణం. వార్డు సిస్టరుకు ఈ నాలుగూ చాలు. మిగతావి కంప్యూటరువాళ్లకు వదిలేయవచ్చు. తర్వాతి ముద్రణలో ఆ అధ్యాయాన్ని సగానికి తగ్గించమని రచయిత్రికి చనువుతో చెబుతున్నాను.

చదివేవారికి ఒక మనవి. పుస్తకం మూసి కాగితం గోడకు అంటించేటప్పుడు వార్డు బాయ్‌నీ ఆయానూ పిలవడం మరచిపోకండి. పటం పూర్తయ్యాక కింద తేదీ వేయండి. ఆసుపత్రిలో డ్యూటీలు మారతాయి, లిఫ్టులు పాడవుతాయి, ఫారాలు మారతాయి. ఆరునెలల తర్వాత మళ్లీ గడియారం పట్టుకుని ఒక రోగి వెనకాల నడవండి.