డి తర్వాత గీత

నా పాత జబ్బు మీకు తెలిసిందే. ఎవరి చేతిరాత కనబడినా మార్కులు వేస్తాను. ఈ వారం బెంగళూరు మారతహళ్లిలో ఒక మందుల షాపు దగ్గర సున్నా వేశాను. నా ముందు నిలబడ్డ అనంతపురం పెద్దావిడ తెచ్చిన చీటీ అది. మొదటి మందు పాన్ 40 అని తెలుస్తోంది. రెండోదానికి ముందు డి, చివర ఎల్, నడుమ చీమ పాకినట్టు ఒక గీత.

మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లోనే మెడికల్ కౌన్సిల్ చెప్పింది కదా అని గొణిగాను. ఫార్మసిస్టు నవ్వాడు. "వేలసార్లు రాసిన పేరును చెయ్యి రాయదు సార్, గీసేస్తుంది. మొదలు, చివర మిగుల్తాయి."

ఆ గీత డయోవాల్ కావచ్చు, కడుపులో మంటకు. డయోనిల్ కావచ్చు, షుగరుకు. షుగరు లేని మనిషి డయోనిల్ మింగితే రక్తంలో చక్కెర పడిపోయి, చెమటలు పట్టి స్పృహ తప్పొచ్చు. పక్కన పాన్ ఉంది కాబట్టి మంటకే అనుకుందామా? షుగరు వాళ్లకూ పాన్ రాస్తారు. అతను మోతాదు వెతికాడు. డయోనిల్ అయితే 5 ఎంజీ అని ఉండాలి, లేదు. వేళ చూశాడు. డయోనిల్ తిండికి ముందో, తిండితోనో వేసుకోవాలి. ఇక్కడ తిన్నాక అని ఉంది.

అప్పుడు అడిగాడు: "ఏం బాధని పోయినావు పెద్దమ్మా?"

"ఎదలో మంట నాయనా."

"షుగరుందా" అని అడగలేదు, గమనించండి. అలా అడిగితే చాలామంది ఊ కొట్టేస్తారట. అంత తెలిశాక కూడా డాక్టరుకు ఫోను చేసి, పేరు అక్షరం అక్షరం చెప్పించుకున్నాకే డయోవాల్ స్ట్రిప్ తీశాడు.

ఇంటికొచ్చాక అమెరికాలోని టెక్సస్ కేసు గుర్తొచ్చింది. గుండెనొప్పికి డాక్టరు రాసిన ఐసార్డిల్‌ను ఫార్మసిస్టు ప్లెండిల్ అని చదివాడు. చీటీలో 20 ఎంజీ, ఆరుగంటలకోసారి అని ఉంది. ప్లెండిల్ రోజు మొత్తానికి 10 ఎంజీ మించకూడదు. ఆ అంకె దగ్గర ఆగి ఉంటే సరిపోయేది. రోగి చనిపోయాడు. 1999లో జ్యూరీ డాక్టరునూ, షాపునూ ఇద్దర్నీ బాధ్యుల్ని చేసి 4,50,000 డాలర్లు కట్టమంది.

చేతిరాత మీద ఒక కాలమ్ దులుపుదామనుకున్నవాణ్ణి, కాస్త తగ్గాను. అసలు అర్థం కాని చీటీ ఫోను చేయిస్తుంది. అర్థమైపోయిందనిపించేదే మనిషిని చంపింది. అచ్చు చీటీలో పేర్ల జాబితా నుంచి పక్క పేరు నొక్కేస్తే, అది ముత్యాల్లా కనబడుతుంది, ఎవరూ ఆగరు.

అందుకే ఈసారి చీటీ తీసుకునేటప్పుడు, ప్రతి మందు పక్కన అది దేనికో ఒక్క ముక్క రాయమని డాక్టరును అడగండి.