సంతకం పడ్డాకే టైల్

గాజువాక వైపు కట్టే ఇళ్లలో యజమాని స్టీల్ ప్లాంటు షిఫ్టులో ఉంటాడు, కోరికలు మాత్రం సైట్లోనే పుడతాయి. "మేస్త్రీ, వంటింటి టైల్స్ రెండడుగులే ఎందుకు? ఏడడుగులు వేసేయండి" అంటారు ఇంట్లోవాళ్లు. మంచి మేస్త్రి కాదనడు, వెంటనే పనీ మొదలుపెట్టడు. టేపు తీస్తాడు.

గట్టు పొడవు 12 అడుగులు, పెరిగిన ఎత్తు 5. అంటే 60 చదరపు అడుగులు. కిటికీ ఖాళీ 9 తీసేస్తే 51. కోతల్లో పోయేదానికి పదో వంతు కలిపి 56 అడుగుల టైల్ కొనాలి. అడుగు 60 రూపాయలనుకుంటే 3,360. అంటించే కూలి 35 చొప్పున 1,785, సిమెంటు, ఇసుక 800. గోడ ఇప్పటికే నున్నగా ప్లాస్టరింగ్ అయిపోయింది. టైల్ పట్టాలంటే గాట్లు కొట్టాలి, దానికి 500. మొత్తం 6,445.

నాకు ముచ్చటేసేది తర్వాతి గీత. అక్కడ ఇక పుట్టీ, రంగు అక్కర్లేదు కాబట్టి అడుగుకు 20 చొప్పున 1,020 తగ్గిస్తాడు. చాలామంది ఈ తగ్గింపే మరిచిపోతారు, మరి కావాలనో ఏమో! మిగిలిన 5,425కి తన పది శాతం కలిపి 5,967 అని, అదనంగా రెండు రోజులని కార్బన్ పుస్తకంలో రాస్తాడు.

అడిగిందెవరైనా, సంతకం ఒప్పందం చేసుకున్న యజమానిదే. షిఫ్టులో ఉంటే చీటీ ఫొటో వాట్సాప్‌లో పంపి, మొత్తం రాసి ఒప్పుకోమంటాడు. బొటనవేలి బొమ్మ చాలదు. ఇల్లు కట్టించేవారు ఆ చీటీ అడిగి మరీ తీసుకోండి.