మూడు మాటల వెనక ఎవరి వేలు ఉంది?

గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే దారిలో స్పిన్నింగ్ మిల్లులు, జిన్నింగ్ మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు వరసగా కనిపిస్తాయి. యడ్లపాడు మండలం వంకాయలపాడులో స్పైసెస్ పార్కు కూడా ఉంది. ఒకప్పుడు ఇలాంటి చోట ఉద్యోగం కావాలంటే గేటు దగ్గర సెక్యూరిటీకి బయోడేటా ఇచ్చి, ఎవరైనా పిలుస్తారని ఎదురుచూసేవారు. ఇప్పుడు ల్యాబ్ కెమిస్టు, క్వాలిటీ సూపర్‌వైజర్, అకౌంటెంట్ లాంటి పోస్టులకు దరఖాస్తులు పోర్టల్లోనే వెళ్తున్నాయి. అందుకే ఊళ్లో కాస్త తెలిసినవాళ్ల వాట్సాప్‌కు స్క్రీన్‌షాట్ ఒకటి వచ్చి పడుతుంటుంది. దాంతోపాటు ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "అన్నా, దీనర్థం ఏంటి?"

నిజానికి ఆ స్క్రీన్‌షాట్ పనితనమున్న వస్తువు. పోస్టు పేరు, కంపెనీ పేరు, ఎన్ని రోజుల కిందట దరఖాస్తు చేశారన్న లెక్క, ఒక గీత మీద చుక్కలు. దాటిన దశకు రంగు, దాటనిదానికి బూడిద రంగు. అవతల ఆఫీసులో జరిగే తతంగం మొత్తాన్ని రెండు మూడు మాటల్లో సరిపెట్టారు. ఆ మాటల్ని చదవడానికి ఒక్క కిటుకు చాలు. ఇది మారడానికి అవతల ఎవరైనా ఏదైనా నొక్కారా, నొక్కితే ఎవరు, ఎందుకు అని అడగాలి.

ఉదాహరణకు నరసరావుపేటలో మైక్రోబయాలజీ చదివి, రెండేళ్లు ఫుడ్ ల్యాబ్‌లో పనిచేసిన అమ్మాయి ఉందనుకుందాం. మిర్చి పొడి ఎగుమతి చేసే యూనిట్లలో క్వాలిటీ ఉద్యోగాలకు జనవరి మొదట్లో మూడు దరఖాస్తులు పెట్టింది. కొత్త కాయ యార్డుకు వచ్చే ముందు ల్యాబుల్లో మనుషుల అవసరం పెరుగుతుంది కాబట్టి అదే సరైన సమయం. రంగు, కారం, అఫ్లాటాక్సిన్ పరీక్షలు ఆ పనిలో భాగం. రెండు వారాల తర్వాత ఆమె ఫోన్లో మూడు రకాల మాటలున్నాయి.

మొదటిది లింక్డ్‌ఇన్‌లో కనిపించే Viewed. మూడింటిలోకీ నిజాయితీ గలది ఇదే. ఉద్యోగ ప్రకటన పెట్టినవారి తరఫున ఎవరో ఈమె దరఖాస్తును తెరిచారు, అంతే. వాళ్లు జాబితాను పైనుంచి కిందికి జరుపుకుంటూ పోతే ఈ మాట రాదు. రెజ్యూమె డౌన్‌లోడ్ చేస్తే దానికి వేరే కబురు వస్తుంది. చూడటాన్నీ, దాచుకోవడాన్నీ రెండు సంఘటనలుగా విడదీయడంలో తయారుచేసినవారి శ్రద్ధ కనబడుతుంది. నచ్చిందా, లేదా అన్న ఊసు మాత్రం అందులో లేదు. మిర్చి యార్డులో కొనేవాడు బస్తాలోంచి గుప్పెడు కాయ తీసి చూస్తాడు, చూసినంత మాత్రాన ధర చెప్పినట్టు కాదు కదా. డౌన్‌లోడ్ కబురు కాస్త బలమైనది. ఎందుకంటే ఫైలును దించుకునేది సాధారణంగా ల్యాబ్ ఇన్‌ఛార్జికి పంపడానికే.

Viewed అన్న మాట అసలు రాకపోయినా చూడలేదని చెప్పలేం. 'అప్లై' నొక్కగానే కంపెనీ సొంత వెబ్‌సైటుకు తీసుకెళ్లే ప్రకటనల్లో అవతల ఏం జరిగిందో లింక్డ్‌ఇన్‌కు తెలిసే దారి లేదు. దరఖాస్తులన్నిటినీ ఒకేసారి ఎక్సెల్‌లోకి దించుకుని చదివే హెచ్‌ఆర్‌లూ ఉన్నారు. అప్పుడు ఒక్కో దరఖాస్తును విడిగా తెరిచిన గుర్తు పడకపోవచ్చు.

రెండోది Shortlisted. ఇక్కడ మనిషి నిర్ణయం ఉంది. ఎవరో ఈ పేరును పక్కకు తీశారు. తీసింది ఎవరన్నదే అసలు సంగతి. చిన్న యూనిట్లు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న కన్సల్టెన్సీకి పని అప్పగిస్తాయి. ప్రకటన పెట్టింది కన్సల్టెన్సీ అయితే, కంపెనీకి పంపడానికి తీసిన కొద్ది రెజ్యూమెల్లో ఈమెది ఒకటని మాత్రమే అర్థం. కంపెనీ ఇంకా చూడనే లేదు. ప్రకటన నేరుగా కంపెనీదే అయితే, తొలి వడపోత దాటి ఫోన్ చేయాల్సినవాళ్ల జాబితాలో చేరిందని అర్థం. ఆ జాబితాలోని అందరికీ ఫోన్ వస్తుందన్న హామీ లేదు. ముందు పేర్లలోనే సరిపోయే మనిషి దొరికితే మిగతావి అలాగే ఉండిపోతాయి. మామూలుగా అయితే ఈ మాట వెంటే జీతం ఎంత, ఎప్పుడు చేరగలరు, నోటీసు పీరియడ్ ఎంత అని ఫోనో మెయిలో వస్తుంది. రెండు వారాలు దాటినా రాకపోతే ఒక్కసారి మర్యాదగా మెయిల్ పెట్టి అడగడంలో తప్పు లేదు.

మూడోది కంపెనీ సొంత కెరీర్ పేజీలో కనిపించే Under Review. పనితనంలో ఇదే గడుసుది. పెద్ద కంపెనీలు నియామకాలకు వాడే సాఫ్ట్‌వేర్‌లో హెచ్‌ఆర్‌కు కనిపించే దశలు వేరు, అభ్యర్థికి కనిపించే మాట వేరు. లోపల స్క్రీనింగ్, మేనేజర్ పరిశీలన, హోల్డ్ అని ఎన్ని దశలున్నా, బయటికి అన్నిటికీ ఈ ఒక్క మాటే చూపించేలా అమర్చుకోవచ్చు. కొన్నిచోట్ల దరఖాస్తు అందగానే, ఎవరూ ఏమీ నొక్కకుండానే ఇది వచ్చేస్తుంది.

ఇది నెలల తరబడి కదలకపోవడానికీ కారణాలున్నాయి. మన దగ్గర నోటీసు పీరియడ్ రెండు మూడు నెలలుండటం మామూలే. ఆఫర్ తీసుకున్న మనిషి చివరి రోజున చేరకుండా జారిపోవడమూ మామూలే. అందుకే మొదటి మనిషి వచ్చి రిజిస్టరులో సంతకం పెట్టేదాకా రెండో మనిషిని తిరస్కరించరు. ఆమె తెర మీద Under Review అలాగే ఉంటుంది. ఒక్కోసారి పోస్టు నిండిపోయినా మిగతా దరఖాస్తులను మూసేసే పని ఎవరూ చేయరు. ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్ అంటే హాజరు, పీఎఫ్, క్యాంటీన్ బిల్లులు కూడా చూసుకునే ఒక్క మనిషే అయినప్పుడు అది ఎప్పటికీ మిగిలిపోయే పని. ఎటూ తేలనప్పుడు ప్రకటన ఇంకా తెరిచి ఉందో లేదో చూడాలి. మూతపడితే ఆశ తగ్గించుకోవాలి. అదే ప్రకటన కొత్త తేదీతో మళ్లీ వస్తే వచ్చిన దరఖాస్తుల్లో సరైన మనిషి దొరకలేదనో, దొరికినవాడు చేరలేదనో అనుకోవచ్చు. అప్పుడు మెయిల్ పెట్టడం దండగ కాదు.

ఈ పనితనానికి ఒక చీకటి కోణం ఉంది. Shortlisted అన్న మాట, పక్కనే కంపెనీ లోగో పెట్టి బొమ్మ తయారుచేయడం ఎవరికైనా నిమిషాల పని. అలాంటి స్క్రీన్‌షాట్‌ను వాట్సాప్‌లో పంపి, రిజిస్ట్రేషన్ ఫీజనో ట్రైనింగ్ డిపాజిట్ అనో డబ్బు అడిగేవాళ్లు ఉన్నారు. స్టేటస్ నిజమైతే మీ సొంత లాగిన్‌లో కనబడాలి. అక్కడ లేకుండా ఇంకొకరు పంపిన బొమ్మలోనే ఉంటే అది అబద్ధం కింద లెక్క. డబ్బు అడిగితే ఆ సంభాషణ అక్కడితో ఆపేయాలి.

ఇకపై ఎవరినైనా అర్థం అడగడానికి స్క్రీన్‌షాట్ పంపితే, అందులో పోర్టల్ పేరు, దరఖాస్తు తేదీ, ప్రకటన పెట్టినవారి పేరు కనబడేలా తీయండి. మీ ఫోన్ నంబరు, మెయిల్ ఐడీ కత్తిరించేయండి. పోర్టల్, తేదీ, ప్రకటన పెట్టినవారి పేరు కనిపించకపోతే ఎంత అనుభవమున్న హెచ్‌ఆర్ అయినా చెప్పేది ఊహే. మూడింటిలో ఏ మాట వచ్చినా, ఆఫర్ లెటర్ చేతికి అందేదాకా మిగతా దరఖాస్తులు ఆపకండి.