పిల్లల చదువు గదికి పేరు పెట్టడం

తెలుగునాట గ్రంథాలయోద్యమ కాలంలో పెట్టిన పేర్లు సంస్థ ఆశయాన్ని చాటేవి. నిజాం రాజ్యంలో ఉర్దూ అధికార భాషగా ఉన్న రోజుల్లో, 1901లో హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, ఆముక్తమాల్యద కర్తనూ తెలుగు భాషనూ తన పేరులోనే నిలుపుకొన్నది. 1918లో ప్రారంభమైన వేటపాలెం సారస్వత నికేతనం తాను సాహిత్యానికి నెలవునని పేరుతోనే తెలిపింది. చదువుకొన్న పెద్దలను కూడగట్టడానికి అవి తగిన పేర్లే. అయితే వాడలోని స్వచ్ఛంద కార్యకర్తలు సాయంత్రంపూట తెరిచే పిల్లల గదికి కావలసింది, గడప దాటవచ్చునన్న భరోసా ఇచ్చే పేరు.

అటువంటి పేరుకు మొదటి లక్షణం పిల్లలు తామే చదవగలగడం. బడిలో పిల్లలు అక్షరమాల, గుణింతాలు నేర్చిన తరువాతే వత్తులకు, అంటే ఒక హల్లు కింద చేరే మరొక హల్లు రూపాలకు, వస్తారు కనుక, ‘గ్రంథాలయం’ అనే మాట మొదటి అక్షరంలోనే వారిని ఆపుతుంది. ‘కథల గది’ అన్నప్పుడు వత్తు లేదు కాబట్టి, గుణింతాలు వచ్చిన పిల్లవాడు దానిని కూడబలుక్కొని చదివి, ఇంట్లోవారికి చెప్పగలడు.

రెండవ లక్షణం అపార్థానికి తావివ్వకపోవడం. ‘అకాడమీ’, ‘సెంటర్’ అన్న మాటలు కనబడితే తల్లిదండ్రులు ట్యూషన్ అనుకొని ఫీజు ఎంతో అని వెనుకాడతారు. దాత పేరు పెద్దగా ఉంటే అది ఎవరిదో సొంత ఇల్లనిపిస్తుంది. ఒక కులానికో మతానికో చెందిన పేరైతే మిగిలినవారు అది తమ కోసం కాదనుకొంటారు. దాతకు కృతజ్ఞత తెలపడానికి లోపలి గోడమీద ఒక పలక చాలు.

ఉదాహరణకు, వీధివైపు అరుగున్న పాత ఇంటి ముందుగదిలో ఇటువంటి చోటు తెరుస్తున్నారనుకొందాం. దారిన పోయేవారు ఎవరినీ అడగకుండా కూర్చొనే వీలున్న చోటు అరుగు కనుక, ‘కథల అరుగు’ అన్న పేరు ఆ చనువును గదికి కూడా అందిస్తుంది. కానీ నిజంగా అరుగు లేనిచోట ఈ పేరు గుర్తుగా పనికిరాదు. పైగా ‘కథల’ అన్నందువల్ల అక్కడ కథలు చెప్పడమే జరుగుతుందని కొందరు భావించవచ్చు. అందుచేత పేరు కింద ‘పిల్లలు కూర్చుని చదువుకునే చోటు, డబ్బు కట్టనక్కర్లేదు’ అని, దానికింద తెరిచే వేళలు రాయాలి. ఉర్దూ మాట్లాడే కుటుంబాలున్న హైదరాబాదు వాడల్లో ఇదే సమాచారం ఉర్దూలోనూ ఉండాలి.

బోర్డుకు రంగు వేయించే ముందు, ఈ ప్రయత్నం సంగతి తెలియని కొందరు తల్లులకు పేరు మాత్రమే వినిపించి, లోపల ఏముంటుంది, ఎవరు రావచ్చు, డబ్బు కట్టాలా అని అడగాలి. జవాబులు తప్పితే వారికి వివరించి ఒప్పించడం కాక, పేరునే మార్చాలి. తెరిచిన కొన్ని వారాలకు పిల్లలు దానిని మరో పేరుతో పిలుస్తుంటే, ఆ పిలుపు ఎవరినీ దూరం పెట్టేది కానంతవరకు, దానినే బోర్డుమీదికి ఎక్కించడం మేలు. దారి అడిగిన కొత్త కుటుంబానికి వాడవారు చెప్పేది ఆ పేరే.